వై యాక్సిస్‌లో తగ్గిన 0.3 మిల్లీమీటర్లు: బెల్టు, పుల్లీ, గ్రబ్ స్క్రూల సర్వీసింగ్‌పై దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

మిషన్ సంగతి ముందు చెప్తాం. బెడ్ ముందుకు వెనక్కి, అంటే వై దిశలో, కదిలే మామూలు కార్టీసియన్ 3డీ ప్రింటర్ ఇది. రెండు యాక్సిస్‌లకూ 6 మి.మీ. వెడల్పు జీటీ2 బెల్టు, 20 పళ్ల పుల్లీ, మోటరు షాఫ్టు 5 మి.మీ. ఉంటాయి. స్టార్టర్ డబ్బాల బ్రాకెట్లు, డ్రిప్ పైపుల క్లిప్పుల వంటి సామాన్లకు నల్లగొండలో ఏళ్ల తరబడి నడుస్తోంది. బొమ్మలు చేసుకునేవాళ్లకు 0.3 మి.మీ. తేడా కంటికి కూడా కనపడదు. బేరింగు కూర్చోవాల్సిన చోట అదే తేడా వస్తే ముక్క చెత్తబుట్టలోకే పోతుంది. అందుకే ఈ సమీక్షలో ఒక్క విషయమే చూస్తున్నాం: బెల్టు తుడవడం, బిగించడం, పుల్లీని షాఫ్టుకు పట్టే గ్రబ్ స్క్రూ చూడడం అనే మూడు పనుల్లో ఏది కొలతను ఎంత సరిచేస్తుంది.

కొలత తప్పగానే చాలామంది మిల్లీమీటరుకు మోటరు వేసే స్టెప్స్ మార్చేస్తారు. అది చివరి మాట కావాలి, మొదటి మాట కాకూడదు. అసలు ఎక్కడ తప్పుతోందో ఒక పరీక్ష ముక్క చెప్తుంది. 100 మి.మీ. చదరపు పలక తీసుకుని 5 మి.మీ. మందం పెట్టండి. మధ్య నుంచి మధ్యకు 80 మి.మీ. దూరం ఉండేట్టు 10 మి.మీ. చదరపు రంధ్రాలు ఎక్స్ వైపు రెండు, వై వైపు రెండు పెట్టండి. పీఎల్ఏ ప్లాస్టిక్‌లో ప్రింట్ చేసి, బెడ్ పూర్తిగా చల్లారాక తీసి కొలవండి. వెర్నియర్ మొదటి పొరల మీద పెట్టొద్దు, అక్కడ ప్లాస్టిక్ కాస్త బయటికి ఒత్తుకుని ఉంటుంది. పొర మొదలయ్యే అతుకు గీత మీద కూడా వద్దు.

మా మిషన్ మీద వచ్చిన కొలతలు ఇవీ. ఎక్స్‌లో బయటి కొలత 99.96, రంధ్రం 9.90, మధ్య దూరం 79.97. వైలో బయటి కొలత 99.69, రంధ్రం 9.61, మధ్య దూరం 79.96.

వై వరసను నిదానంగా చదవండి. ఎక్స్‌తో పోలిస్తే బయటి కొలత 0.27 తగ్గింది. రంధ్రం కూడా 0.29 తగ్గింది. మధ్య దూరం మాత్రం దాదాపు ఎక్స్‌లో ఉన్నంతే ఉంది. ప్లాస్టిక్ ఎక్కువ వస్తే బయటి కొలత పెరగాలి, రంధ్రం తగ్గాలి. ఇక్కడ రెండూ తగ్గాయి కాబట్టి అది ఫ్లో సమస్య కాదు. స్టెప్స్ తప్పయినా, ప్లాస్టిక్ కుంచించుకుపోయినా 80 మి.మీ. దూరం కూడా అదే నిష్పత్తిలో తగ్గాలి. అది తగ్గలేదు. మిగిలింది బ్యాక్‌లాష్ ఒక్కటే. బెడ్ దిక్కు మార్చిన ప్రతిసారీ మోటరు తిరుగుతుంది గానీ మొదటి పావు మిల్లీమీటరు బెడ్ కదలదు. దాంతో గీసిన ప్రతి ఆకారం, చిన్నదైనా పెద్దదైనా, అంతే తగ్గుతుంది. రంధ్రాల మధ్య దూరానికి మాత్రం నష్టం రెండు వైపులా సమంగా పడి కొట్టుకుపోతుంది.

ఇదే చోట ఎవరైనా లెక్క కట్టి 80 స్టెప్స్‌ను 80.25 చేశారనుకోండి. బయటి కొలత 100.00 వస్తుంది, చూసి సంబరపడతారు. కానీ రంధ్రం 9.64 దగ్గరే ఉండిపోతుంది, మధ్య దూరం మాత్రం 80.21కి పోతుంది. అంటే సరిగ్గా ఉన్న ఒక్క కొలతను కూడా పాడు చేసుకున్నట్టు. చుట్టుకు 200 స్టెప్పుల మోటరు, స్టెప్పుకు 16 మైక్రోస్టెప్పులు, ఒక చుట్టుకు 40 మి.మీ. కదలిక ఉంటే లెక్క 80కే వస్తుంది. దాన్ని ముట్టుకోవాల్సిన పని లేదు.

ఇక మూడు పనుల సంగతి.

మొదట శుభ్రం. మా దగ్గర దుమ్ముకు కొదవ లేదు. ఎర్రమట్టి, పత్తి సీజన్‌లో నూగు, మిర్యాలగూడ వైపైతే మిల్లుల ఊక దుమ్ము కూడా తోడవుతుంది. బెడ్ కింద ఉండే వై బెల్టు పళ్లు పైకి తిరిగి ఉన్నచోట ఫిలమెంట్ తుంపులు నేరుగా వచ్చి పడతాయి. అవి పుల్లీ గాడిలో ఇరుక్కుంటే బెల్టు అక్కడ పైకి లేస్తుంది. ప్రింట్ చేసిన ముక్క గోడ మీద ప్రతి 40 మి.మీ.కూ ఒక గుర్తు పడితే చెత్త పుల్లీలో ఉందని అర్థం. ఎప్పుడూ బెడ్ మీద ఒకే చోట పడితే అది బెల్టు పళ్లలో ఉంది. తీయడానికి పాత టూత్‌బ్రష్, వెదురు పుల్ల చాలు. పుల్లీని సెల్ ఫోన్ రిపేరు షాపుల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడవండి. బెల్టుకు పొడి బ్రష్ చాలు, జిడ్డు ఉంటే అదే గుడ్డతో ఒకసారి తుడవండి, నానబెట్టొద్దు. పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ రబ్బరును ఉబ్బిస్తాయి. నూనె చుక్క కూడా వద్దు, దానికి దుమ్ము అంటుకుని పేస్టులా తయారవుతుంది. తుడిచాక పరీక్ష ముక్క మళ్లీ తీస్తే వై కొలత మారలేదు. గోడ మీది గుర్తులు మాత్రం పోయాయి. శుభ్రానికి మా మార్కు అంతవరకే. అయినా ముందు ఇదే చేయాలి, ఎందుకంటే గాడిలో చెత్త ఉండగా బెల్టు బిగువు చూస్తే తప్పు లెక్క వస్తుంది.

రెండోది గ్రబ్ స్క్రూ. అసలు దొంగ ఇదే. మోటర్లు పట్టి ఉండగా, అంటే హోమ్ చేసిన వెంటనే, బెడ్‌ను వేలితో మెల్లగా ముందుకు వెనక్కి నెట్టండి. స్ప్రింగులా మెత్తగా ఊగితే బెల్టు. చిన్న టక్ అనే దెబ్బ వేలికి తెలిస్తే పుల్లీ. తేల్చుకోవడానికి షాఫ్టు చివర నుంచి పుల్లీ ముఖం మీదికి తెల్ల పెయింట్ మార్కరుతో ఒకే గీత గీయండి. ఆ తర్వాత ఒక ముక్క ప్రింట్ చేసి చూడండి, గీత విరిగినట్టు పక్కకు జరిగితే పుల్లీ షాఫ్టు మీద ఆడుతోంది. అది చిన్న విషయం అనుకోవద్దు. ఈ పుల్లీ 1 డిగ్రీ తిరిగితే బెడ్ 0.11 మి.మీ. పోతుంది. డిగ్రీన్నర ఆటకు 0.17 మి.మీ. పోయినట్టే, అంత ఆట గీత దగ్గరగా చూస్తే తప్ప కంటికి ఆనదు. కొన్ని మిషన్లలో పుల్లీని షాఫ్టుకు ప్రెస్ చేసి బిగిస్తారు, వాటికి గ్రబ్ స్క్రూలే ఉండవు. అప్పుడు ఈ పని మీకు లేదు.

ఉన్నవాళ్లు బెల్టును వదులు చేసి పుల్లీలోని రెండు స్క్రూలనూ పూర్తిగా తీయండి. ఎం3 స్క్రూలైతే సాధారణంగా 1.5 మి.మీ. అలెన్ కీ పడుతుంది. షాఫ్టును, స్క్రూ మరలను ఆల్కహాల్‌తో తుడవండి, నూనె ఉంటే ఎంత బిగించినా జారుతుంది. పుల్లీని మోటరు ముఖానికి తగలకుండా ఒక మి.మీ. వదిలి పెట్టి, బెల్టు గాడి మధ్యలో నడిచేట్టు సరిచూడండి. ముందు ఒక స్క్రూను షాఫ్టు చదును మీద సరిగ్గా నిలిపి బిగించండి, తర్వాత రెండోది. చదును అంచు మీద కూర్చున్న స్క్రూ ఆ రోజు గట్టిగానే అనిపిస్తుంది, రెండు మూడు పెద్ద ప్రింట్లకే ఆట వస్తుంది. చివరి బిగింపు అలెన్ కీ గుండు కొనతో చేయొద్దు, స్క్రూ గుంత గుండ్రంగా అరిగి మళ్లీ ఊడదు. తిన్నని కొన పెట్టి, పొట్టి చేయి పట్టుకుని వేలి బలంతో బిగించాలి. చిన్న స్క్రూలకు సరిపోయే తక్కువ బలం త్రెడ్ లాకర్ ఒక్క చుక్క వేస్తే మంచిది. అది మోటరు బేరింగులోకి కారకూడదు, ప్లాస్టిక్ భాగాలకు తగిలితే అవి పగలొచ్చు. షాఫ్టు పూర్తి గుండ్రంగా ఉంటే ఆకురాయితో చిన్న చదును చేయవచ్చు, కానీ ముందు మోటరు ముఖాన్ని టేపుతో పూర్తిగా మూసేయాలి, లేకపోతే లోపలి అయస్కాంతం ఇనుప రజనును లాక్కుంటుంది. ఈ ఒక్క పనితో వై బయటి కొలత 99.69 నుంచి 99.86కు, రంధ్రం 9.61 నుంచి 9.79కి వచ్చాయి.

మూడోది బిగువు. తీగలా మోగాలి అనే మాట ఎవరికి వాళ్లు ఒకలా వింటారు. ఫోన్‌లో ఏదైనా ట్యూనర్ యాప్ తీసుకోండి. బెడ్‌ను జరిపి, బెల్టు బిగించిన చోటు నుంచి, అవతలి చివర బెల్టు తిరిగే ఐడ్లర్ చక్రం మధ్య వరకు విడి బెల్టు 150 మి.మీ. ఉండేట్టు ఆపండి. వేలితో మీటితే 110 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. 6 మి.మీ. జీటీ2 బెల్టుకు ఇంటి మిషన్లు కట్టుకునేవాళ్లు ఎక్కువగా వాడే లెక్క ఇది. పొడవు రెట్టింపైతే అదే బిగువుకు 55 హెర్ట్జే వస్తుంది, ఫోన్ మైకు దాన్ని సరిగా పట్టదు, అందుకే పొడవు కొలిచి ఆపమంటున్నాం. తిప్పే నాబ్ ఉంటే పావు చుట్టు చొప్పున బిగించండి. నాబ్ లేని పాత మోడళ్లలో ఐడ్లర్ బ్రాకెట్ స్క్రూలు కాస్త వదిలి, పొడవాటి అలెన్ కీతో మీట వేసి పట్టుకుని బిగించాలి. అక్కడ బ్రాకెట్ వంకరగా కూర్చుంటే బెల్టు పుల్లీ అంచుకు రాసుకుంటుంది. ఆ వైపు కింద నల్లటి పొడి రాలడమే దానికి గుర్తు.

బిగించాక 99.94, 9.88 వచ్చాయి. ఇంకా బిగిస్తే ఇంకా బాగా వస్తుందనే ఆశ వద్దు. 110 దాటించి చూస్తే కొలత మారలేదు, పైగా బెడ్ చేత్తో జరిపితే గరుకుగా నడిచింది, గోడల మీద సన్నటి అలలు లేచాయి. అంత బిగువు మోటరు బేరింగు మీద, ఐడ్లర్ మీద పడుతుంది.

డయల్ ఇండికేటర్ ఉన్నవాళ్లు ప్రింట్ లేకుండానే సరిచూసుకోవచ్చు. వీటిని ఒక్కొక్కటిగా పంపండి:

```
G28
G90
G1 Z50 F600
G1 Y100 F1200
G1 Y105 F1200
```

ఇక్కడ ఆగి డయల్ పిన్నును బెడ్ అంచుకు సగం లోపలికి నొక్కి నిలపండి, ముల్లును సున్నాకు తిప్పండి. తర్వాత:

```
G1 Y107 F1200
G1 Y105 F1200
```

తిరిగి వచ్చాక ముల్లు సున్నాకు ఎంత దూరంలో ఆగిందో అదే బ్యాక్‌లాష్. 0.05 లోపు ఉంటే ఇలాంటి మిషన్‌కు చాలు. ఎక్కువుంటే, పుల్లీ, బిగువు రెండూ సరిగ్గా ఉన్నా, బెడ్ కింద బెల్టు చివరలు పట్టే క్లిప్పును, బెడ్ చక్రాల ఆట సరిచేసే ఎక్సెంట్రిక్ నట్లను చూడండి. ఈ రెండు చోట్ల ఆట కూడా అచ్చం బెల్టు ఆటలాగే కనిపిస్తుంది.

కొత్త బెల్టు మొదటి కొన్ని రోజుల్లో కాస్త సాగి కూర్చుంటుంది, కాబట్టి వేసిన వారానికి బిగువు ఒకసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి చూస్తే సరిపోతుంది. పెయింట్ గీతను మాత్రం పెద్ద ఆర్డరు మొదలుపెట్టే ముందు ప్రతిసారీ చూడాలి, అర నిమిషం పని. బెల్టు అంచున తెల్లటి దారాలు బయటికి కనిపిస్తే లోపలి గ్లాస్ ఫైబర్ తెగుతున్నట్టే. అలాంటి బెల్టును ఎంత బిగించినా వారం తిరిగేసరికి వదులవుతుంది, దాన్ని మార్చాల్సిందే.