కొత్త కంప్రెసరా, లీకేజీల మరమ్మతా? పెట్టుబడి ప్రతిపాదనలో ఏది మేలో తేల్చడం

ఫ్యాక్టరీలో సంపీడిత గాలిని అందించే పాత కంప్రెసర్‌ను తీసేసి, వేగాన్ని అవసరానికి తగ్గట్టు మార్చుకునే కొత్త యంత్రాన్ని కొనాలంటూ నిర్వహణ విభాగం ఒక ప్రతిపాదన పంపిందనుకుందాం. అందులో ఖర్చు, ఏటా ఆదా అయ్యే కరెంటు, పెట్టుబడి తిరిగొచ్చే కాలం అన్నీ చక్కగానే ఉంటాయి. ఇలాంటి పత్రాల్లో సాధారణంగా ఉండని విషయం ఒకటుంది. కొత్త యంత్రాన్ని పాత పరిస్థితితో మాత్రమే పోల్చి, అతి తక్కువ ఖర్చుతో చేయగలిగిన పనితో పోల్చకుండా వదిలేస్తారు. ఆ ఒక్క లోపం తీర్మానాన్ని ఎంతవరకు మార్చగలదో ఒక లెక్కతో చూద్దాం. అంకెలన్నీ ఊహించుకున్నవే. ఏ డబ్బులోనైనా సరిపోయేలా, పాత కంప్రెసర్ ఏడాది కరెంటు ఖర్చును 100 అని పెట్టుకుని మిగిలిన మొత్తాలన్నీ దానితో పోల్చి చెబుతాను.

మొదట యథాస్థితిని సరిగ్గా రాయాలి. ఏమీ చేయకపోతే ఏమీ ఖర్చు కాదన్న భావన చాలా పత్రాల్లో కనిపిస్తుంది, కానీ అది నిజం కాదు. మన పాత యంత్రానికి మూడో ఏట పెద్ద ఓవర్‌హాల్ తప్పదు, దానికి 20 అవుతుంది. కొత్త యంత్రం కొంటే ఆ 20 మిగులుతుంది కాబట్టి దాన్ని ప్రయోజనాల్లో చూపాలి. కొనకపోతే అది మన నెత్తిన పడే ఖర్చు. బ్రిటన్ ఆర్థిక శాఖ ప్రభుత్వ ప్రాజెక్టుల మదింపు కోసం వెలువరించే గ్రీన్ బుక్ కూడా తుది పరిశీలనకు వచ్చే ప్రత్యామ్నాయాల్లో యథాస్థితితో పాటు 'కనీసం చేయవలసిన పని' అన్నది కూడా ఉండాలంటుంది. మన నిర్వహణ విభాగం వదిలేసింది సరిగ్గా ఈ రెండోదే.

ఇక్కడ ఆ కనీసపు పని లీకేజీలను అరికట్టడం. లీకేజీ ఎంతుందో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఉత్పత్తి ఆగిన సమయంలో గాలి వాడే పనిముట్లన్నీ ఆపేసి, కంప్రెసర్‌ను మాత్రం నడవనివ్వాలి. ఎవరూ గాలి వాడకపోయినా పీడనం పడిపోతుంటుంది, యంత్రం మళ్లీ లోడ్‌లోకి వచ్చి దాన్ని నింపుతుంటుంది. గాలి నింపుతూ లోడ్‌లో ఉన్న సమయం T, గాలి ఇవ్వకుండా అన్‌లోడ్‌లో తిరుగుతున్న సమయం t అయితే, లీకేజీ శాతం T / (T + t) × 100. మూడు నిమిషాలు లోడ్‌లో, తొమ్మిది నిమిషాలు అన్‌లోడ్‌లో ఉందంటే యంత్ర సామర్థ్యంలో 25 శాతం గాలి ఎవరికీ ఉపయోగపడకుండా పోతోందన్నమాట. పాత పైపులైన్లలో 20 నుంచి 30 శాతం లీకేజీ ఉండడం అరుదేమీ కాదు.

ఈ 25 శాతాన్ని 10 శాతానికి తగ్గించామనుకుందాం. గాలి 15 శాతం మిగిలింది కదా అని కరెంటు కూడా అంతే మిగిలినట్టు రాయకూడదు. స్థిరవేగంతో నడిచే యంత్రం అన్‌లోడ్‌లో గాలి ఇవ్వకపోయినా పూర్తి లోడ్‌లో వాడే విద్యుత్తులో దాదాపు 30 శాతం లాగుతూనే ఉంటుంది. అందుకే మిగిలిన ప్రతి పది పాళ్ల గాలికి పూర్తి లోడ్ విద్యుత్తులో ఏడు పాళ్లే ఆదా అవుతుంది. మన యంత్రం సగటున 55 శాతం లోడ్‌తో నడుస్తోందనుకుంటే, ఈ సవరణ తర్వాత ఆదా ప్రస్తుత బిల్లులో సుమారు 15 శాతంగా తేలుతుంది. లీకేజీలు తగ్గాక పీడనాన్ని అర బార్ దించగలిగితే ఇంకో 3 శాతం కలుస్తుంది. పీడనం ఒక బార్ తగ్గితే కరెంటు ఆరేడు శాతం తగ్గుతుందన్నది ఈ పనిలో అందరూ వాడే లెక్క. అంటే ఏటా ఆదా మొత్తం 18. అయితే లీకేజీలను ఒకసారి మూసి వదిలేస్తే మళ్లీ మొలుచుకొస్తాయి కాబట్టి, క్రమం తప్పకుండా వెతికి మూసే పనికి ఏటా 3 ఖర్చు పెట్టాలి. ప్రతిపాదనలో ఈ 3 కనిపించకపోతే ఆ 18 కూడా నమ్మదగినది కాదు.

ఇప్పుడు పోటీలో ఉన్న మూడు దారులను పక్కపక్కన పెడదాం. మొదటిది లీకేజీల మరమ్మతు మాత్రమే. రెండోది మరమ్మతు జోలికి పోకుండా నేరుగా పెద్ద కొత్త యంత్రం కొనడం, అంటే విభాగం కోరినది. మూడోది ముందు మరమ్మతు చేసి, తగ్గిన అవసరానికి సరిపడే చిన్న కొత్త యంత్రం కొనడం. కొత్త యంత్రం ఏదైనా ఏటా నిర్వహణ ఖర్చును 4 తగ్గిస్తుంది. మూడో దారిలో కరెంటు ఆదాను 40గా తీసుకున్నాను. మరమ్మతు ఆదా 18ని, పెద్ద యంత్రం ఆదా 25ని కూడితే 43 వస్తుంది, కానీ రెండు చర్యల ప్రయోజనాలను కళ్లు మూసుకుని కూడడం మంచి అలవాటు కాదు, తగ్గించి వేసుకోవడమే క్షేమం. కాలం పదేళ్లు, రాబోయే డబ్బును నేటి విలువలోకి తగ్గించే డిస్కౌంట్ రేటు 10 శాతం. ఆ రేటుతో పదేళ్లపాటు ఏటా వచ్చే 1 నేటి విలువలో 6.145 అవుతుంది, మూడో ఏట తప్పే 20 నేటి విలువ 15. ఈ నేటి విలువల మొత్తం నుంచి ఇప్పటి పెట్టుబడిని తీసేస్తే మిగిలేదే పట్టిక చివరి వరుసలోని నికర వర్తమాన విలువ.

| | మరమ్మతు | పెద్ద కొత్త యంత్రం | మరమ్మతు + చిన్న యంత్రం |
|---|---|---|---|
| ఇప్పటి పెట్టుబడి | 12 | 110 | 97 |
| ఏటా నికర ఆదా | 15 | 29 | 41 |
| ఓవర్‌హాల్ తప్పడం (నేటి విలువ) | లేదు | 15 | 15 |
| పెట్టుబడి తిరిగొచ్చే కాలం | 10 నెలల లోపు | 3.8 ఏళ్లు | 2.4 ఏళ్లు |
| నికర వర్తమాన విలువ | 80 | 83 | 170 |

పెట్టుబడి తిరిగొచ్చే కాలమొక్కటే చూస్తే మరమ్మతును మించినది లేదు, కానీ ఆ కొలమానం పది నెలల తర్వాత వచ్చే లాభాన్ని పట్టించుకోదు. నికర వర్తమాన విలువ చూస్తే కొత్త యంత్రం 83తో మరమ్మతు కంటే ఒక మెట్టు పైన కనిపిస్తుంది. విభాగం పంపిన పత్రంలో ఈ 83 మాత్రమే ఉంటుంది, అది చూసి ఎవరైనా సంతకం పెడతారు. కానీ అడగవలసిన ప్రశ్న వేరు: 12తో 80 రాబట్టగలిగినప్పుడు, దానిపైన మరో 98 పెట్టి సంపాదించే అదనపు విలువ ఎంత? పట్టికే చెబుతోంది, 3 మాత్రమే. అంత మొత్తం పెట్టి మూడు పాళ్లు రాబట్టడానికి ఎవరూ ఒప్పుకోరు, పైగా అంచనా కాస్త తప్పితే ఆ మూడూ ఉండవు. ఇదే ప్రశ్నను మూడో దారికి వేస్తే జవాబు వేరుగా ఉంటుంది. మరమ్మతు పైన చిన్న యంత్రానికి అదనంగా పెట్టేది 85, అదనంగా వచ్చే ఏటి ఆదా 26, తప్పే ఓవర్‌హాల్ 15 కలిపితే ఆ అదనపు అడుగు ఒక్కదానికే నికర విలువ 90 వస్తుంది. కాబట్టి మేలైనది మూడోదేనని నా అభిప్రాయం. కొత్త యంత్రం వద్దని కాదు, తప్పు సైజులో, తప్పు క్రమంలో కొనవద్దని.

ఇంత ధీమాగా చెప్పాక దాన్ని కుదిపి చూడాలి. ప్రతిపాదనలు రాసేవాళ్లు ఖర్చును తక్కువగా, ప్రయోజనాన్ని ఎక్కువగా ఊహించే గుణం మానవ సహజం, దానికోసం సర్దుబాటు చేయమని గ్రీన్ బుక్ కూడా చెబుతుంది. చిన్న యంత్రం ఖర్చు 20 శాతం పెరిగి, దాని అదనపు ఆదా 30 శాతం తగ్గిందనుకుంటే 90 కాస్తా 25కు పడిపోతుంది, అయినా లాభంలోనే ఉంది. అసలు ప్రమాదం అంకెల్లో కంటే ఫ్యాక్టరీ ఆయుష్షులో ఉంది. ఉత్పత్తి నాలుగేళ్లలో వేరేచోటికి మారబోతుంటే ఎవరూ పెద్ద ఓవర్‌హాల్ చేయరు, చిన్నచిన్న సర్దుబాట్లతో నెట్టుకొస్తారు. అప్పుడు తప్పే ఖర్చేమీ లేదు, నాలుగేళ్ల ఆదా నేటి విలువలో 82, పెట్టుబడి 85. అంటే నష్టమే. ఆ పరిస్థితిలో మరమ్మతుతో ఆగిపోవడమే మేలు. ఈ ఒక్క వాక్యం పత్రంలో స్పష్టంగా ఉంటే నిర్ణయం తీసుకునేవారికి పదిపేజీల అనుబంధాల కంటే ఎక్కువ ఉపయోగం.

యంత్రానికి సంబంధించిన పరిమితి కూడా ఒకటి ఉంది. వేగం మార్చుకునే కంప్రెసర్ ఎప్పుడూ ఆదా చేస్తుందన్నది అపోహ. గాలి వాడకం రోజంతా పూర్తి సామర్థ్యానికి దగ్గరగా, నిలకడగా ఉంటే, వేగాన్ని మార్చే డ్రైవ్‌లో పోయే విద్యుత్తు వల్ల అది మంచి స్థిరవేగ యంత్రం కంటే కాస్త ఎక్కువే వాడుతుంది. వాడకంలో ఎగుడుదిగుళ్లు ఉన్నచోటనే దాని లాభం. అందుకని కనీసం ఒక పూర్తి వారం, సెలవు రోజుతో సహా, లోడ్ నమోదు జతచేయని ప్రతిపాదనను నేనైతే వెనక్కి పంపుతాను.

నాలుగో దారిగా, యంత్రం కొనకుండా బయటి సంస్థ నుంచి గాలిని ఘనపు మీటర్ల లెక్కన కొనే పద్ధతి ఉంది. దాని మీద ఎక్కువ చెప్పనవసరం లేదు గానీ ఒప్పందంలో కనీస కొనుగోలు షరతు ఉందేమో చూడాలి. ఉంటే లీకేజీలు మూసినా బిల్లు తగ్గదు, మనం చేసిన మరమ్మతు ఫలితం అమ్మేవారి ఖాతాలోకి పోతుంది.

అనుమతి అడిగే తీరు కూడా దీన్నిబట్టే ఉండాలి. 97 మొత్తాన్ని ఒకేసారి అడగకుండా, ఇప్పుడు మరమ్మతుకు 12 అడిగి, మూడు నెలలు కొలతలు తీసుకుని, ఆ కొలతల మీద చిన్న యంత్రం సైజు తేల్చి రెండో విడత అడగడం సబబు. ఈ ఆలస్యం ఉచితం కాదు, ఏటా 26 చొప్పున మూడు నెలల ఆదా, అంటే సుమారు 6.5, చేజారుతుంది. కానీ లీకేజీ 10 శాతానికి కాకుండా 15 దగ్గరే ఆగిపోతే కొన్న యంత్రం చాలదు, దాన్ని పదేళ్లు భరించాలి. ఆ ముప్పుతో పోలిస్తే 6.5 చౌకే.

రెండో విడత అనుమతికి ఒక షరతు పెట్టాలి. ఆదాను నెలవారీ కరెంటు బిల్లుతో కాకుండా, ప్రతి ఘనపు మీటరు గాలికి ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో, ఉత్పత్తి ఆగినప్పుడు లీకేజీ ఎంతుందో అన్న రెండు కొలతలతో చూపాలి. ఉత్పత్తి తగ్గిన నెలలో బిల్లు ఎలాగూ తగ్గుతుంది, దాన్ని ప్రాజెక్టు ఖాతాలో రాసుకోకుండా అడ్డుకునేది ఈ కొలతలే. గాలి ప్రవాహ మీటరు, కంప్రెసర్‌కు విడిగా విద్యుత్ మీటరు లేకపోతే వాటి ధరను మొదటి విడత 12లోనే చేర్చి అడగాలి.