లవ్ స్ప్రెడ్‌లో "నిప్పూ నీళ్లూ కలిశాయి" అని భయపెడితే డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఆన్‌లైన్‌లో టారో లవ్ రీడింగ్ కొనేవాళ్లకి ఒక జాగ్రత్త. నాకు రీడింగ్‌కి 1,499, ఆ తర్వాత "పరిహారం" అడ్వాన్సు కింద 3,000 పోయాయి. పేజీ పేరు చెప్పను. ఎందుకంటే నా రూమ్మేట్‌కి వేరే పేజీలో అచ్చం ఇదే మాట చెప్పారు. కాబట్టి పేరు కన్నా ఆ మాటని గుర్తుపట్టడం ముఖ్యం.

నేను అడిగింది చాలా మామూలు ప్రశ్న. మేమిద్దరం రెండు నెలలుగా సరిగ్గా మాట్లాడుకోవట్లేదు, ఇది ఎటు పోతుంది అని. ఆ పేజీలో రీడింగ్ చెప్పే ఆవిడ మూడు కార్డులు వేసి ఫోటో పంపింది: ఎడమ ఫోర్ ఆఫ్ వాండ్స్, మధ్యలో ఫైవ్ ఆఫ్ కప్స్, కుడి సిక్స్ ఆఫ్ వాండ్స్. వాయిస్ నోట్‌లో ఏం చెప్పిందంటే, వాండ్స్ అంటే అగ్ని, కప్స్ అంటే జలం, మీ నీళ్లు రెండు నిప్పుల మధ్య సలసలా మరిగిపోతున్నాయి, మధ్య కార్డు చూడండి ఏడుస్తోంది, తొంభై రోజుల్లో విడిపోతారు. ఫోటోలో నల్ల దుప్పటి కప్పుకున్న మనిషి, అతని ముందు ఒలికిపోయిన మూడు కప్పులు కనిపిస్తుంటే, రాత్రి పదకొండింటికి, ఎవరికైనా టెన్షన్ రాదా? ఎర్ర కొవ్వొత్తి, నీలం కొవ్వొత్తి పెట్టి "అగ్ని-జల శాంతి" చేస్తాం, 6,500 అంది. సగం కట్టమంటే అంత లేవని 3,000 పంపాను. తెలివి తెల్లారాక వచ్చింది.

మా ఆఫీసులో ఒక అక్క ఏళ్ల తరబడి సరదాగా కార్డులు వేస్తుంది. క్యాంటీన్‌లో ఆ ఫోటో చూపిస్తే నవ్వేసింది. "రూల్ చెప్పింది, కానీ తలకిందులుగా చెప్పింది" అంది. మర్నాడు తన డెక్ తెచ్చి, టిఫిన్ ప్లేట్లు పక్కకి జరిపి, అవే మూడు కార్డులు టేబుల్ మీద పెట్టింది.

పక్కపక్క కార్డుల మూలకాలు చూసి బలం కట్టే పద్ధతి లండన్‌లో 1888లో మొదలైన గోల్డెన్ డాన్ అనే గుప్త సంఘం నుంచి వచ్చింది. వాళ్ల 'బుక్ టి' అనే పాఠంలో ఉంది. వాండ్స్ అగ్ని, కప్స్ జలం, స్వోర్డ్స్ వాయువు, పెంటకిల్స్ భూమి. అగ్నికి జలం పడదు, వాయువుకి భూమి పడదు, మిగతా జతలు స్నేహం. ఒకే జాతి కార్డులు పక్కన ఉంటే మధ్య కార్డు బాగా బలపడుతుంది. పడని జాతి ఉంటే బాగా బలహీనపడుతుంది. ఇక్కడిదాకా నా రీడర్‌కి కూడా తెలుసు. ఆవిడ మింగేసింది ఆ రూల్‌లోని ఇంకో ముక్క: బలపడటమైనా బలహీనపడటమైనా మంచికీ చెడుకీ రెండింటికీ వర్తిస్తుంది.

అంటే మధ్యలో ఉన్నది చెడు కార్డైతే, పడని కార్డులు దాని చెడునే తగ్గిస్తాయి. ఫైవ్ ఆఫ్ కప్స్ దిగులు కార్డు, ఒప్పుకుంటా. కానీ దాని రెండు పక్కలా అగ్నే. అక్క స్టీల్ గ్లాసు ఎత్తి ఆ నల్ల దుప్పటి మనిషి మీద పెట్టేసి, "ఇప్పుడేం కనిపిస్తోంది?" అంది. ఎడమ పక్క పూలమాల కట్టిన నాలుగు కర్రలు, వెనక పూలగుత్తులు ఎత్తి పట్టుకున్న ఇద్దరు. కుడి పక్క గుర్రం మీద ఆకుల దండతో ఒకడు. "వీళ్ల మధ్య ఇతని ఏడుపు ఎవరికీ వినపడదు" అంది. పద్ధతి ప్రకారం చదివితే, బాధ ఉంది గానీ దానికి పెద్ద సత్తువ లేదు, ఇల్లూ పనీ హడావుడిలో అది కొట్టుకుపోతోంది అనాలి. విడిపోవడం అన్నది ఆ మూడు కార్డుల్లో ఎక్కడా లేదు. ఈ కార్డులు నిజంగా జరగబోయేది చెబుతాయా అన్న గొడవ నేను పెట్టుకోను, కానీ అమ్మేవాళ్లు తాము చెప్పుకునే పద్ధతినైనా పాటించాలి కదా.

ఇదే రూల్ మంచి కార్డుకి ఎదురు తిరుగుతుంది, అది కూడా చెప్పాలి. మధ్యలో టూ ఆఫ్ కప్స్ వచ్చి, రెండు పక్కలా వాండ్స్ ఉంటే, ప్రేమ ఉంది కానీ నీరసంగా ఉంది అనే చదువుతారు. అక్కడ ఎవరైనా "వావ్, సోల్‌మేట్" అంటే అది కూడా అమ్మకమే.

మా రూమ్మేట్ కేసు ఇంకా ఘోరం. తనకి వచ్చింది ఎడమ త్రీ ఆఫ్ వాండ్స్, మధ్య సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్, కుడి ఏస్ ఆఫ్ కప్స్. అగ్ని, జలం అసలు ఆనుకునే లేవు, మధ్యలో వాయువు ఉంది, దానికి ఇద్దరూ స్నేహితులే. పైగా అటూ ఇటూ ఉన్న రెండు కార్డులు ఒకదానికొకటి పడకపోతే మధ్య కార్డు మీద రెండిటి ప్రభావమూ పెద్దగా ఉండదని అదే పాఠంలో ఉంది. అయినా దానికి కూడా "నిప్పూ నీళ్లూ కలిశాయి" డైలాగే! మన ఇళ్లల్లో పడనివాళ్లని ఉప్పూ నిప్పూ అంటాం కాబట్టి, నిప్పూ నీళ్లూ అన్నా వెంటనే మనసుకి పట్టేస్తుంది. వీళ్ల వ్యాపారం దాని మీదే నడుస్తోంది.

ఇంకో తిరకాసు. నాది సింహరాశి, అతనిది కర్కాటకం అని ముందే అడిగి తెలుసుకుని, "చూశారా, అగ్నీ జలమూ, రాశులు కూడా అదే చెప్తున్నాయి" అంది. మనం పంచాంగం చూసి చెప్పే రాశి చంద్రుడిది. గోల్డెన్ డాన్ వాళ్లు ఎంపరర్, మూన్ లాంటి పెద్ద కార్డులకి అంటించిన రాశులు పాశ్చాత్య జ్యోతిషంవి, అవి కూడా కార్డుకి అంటించినవే, మనుషులకి కాదు. ఎంపరర్ కార్డు వస్తే మేషం కాబట్టి అగ్ని, మూన్ వస్తే మీనం కాబట్టి జలం, అంతవరకే. నా రాశి ఆ లెక్కలోకి రాదు.

రీడింగ్ కొనే తీరాలనుకుంటే, డబ్బు పంపకముందు మీ పేరూ రాశీ ఏదీ చెప్పకుండా ఒక్కటి అడగండి: ఫైవ్ ఆఫ్ కప్స్‌కి రెండు పక్కలా వాండ్స్ వస్తే ఆ దిగులు పెరుగుతుందా, తగ్గుతుందా? పెరుగుతుంది అంటే వదిలేయండి. వాండ్స్‌కి ఏ మూలకం తీసుకుంటారో కూడా అడగండి, ఎందుకంటే కొంతమంది వాండ్స్‌ని వాయువుగా, స్వోర్డ్స్‌ని అగ్నిగా పెట్టుకుంటారు, అప్పుడు లెక్క మొత్తం మారుతుంది, అది తప్పు కాదు గానీ ముందే చెప్పాలి. తిరగబడ్డ కార్డు అని ఒకసారి, పక్క కార్డు పడలేదని ఇంకోసారి రెండు వైపులా చెడు లెక్కేస్తుంటే కూడా అనుమానించండి. ఈ పద్ధతి వాడేవాళ్లు మామూలుగా తిరగబడటాన్ని పట్టించుకోరు.

నేను కూడా ఆ మొదటి ప్రశ్నే మెసేజ్ పెట్టాను, 3,000 వెనక్కి పంపమని కింద రాసి. రెండు నీలం టిక్కులు పడ్డాయి. "ఎనర్జీ ఎక్స్ఛేంజ్ అయిపోయింది, రీఫండ్ ఉండదు" అని ఒక లైను, కింద మిగతా 3,500కి క్యూఆర్ కోడు. చాట్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు దాచి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు ఇచ్చాను. వాళ్లు ఏమంటారో వచ్చాక ఇక్కడే రాస్తా. అక్క మాత్రం తన ఫైవ్ ఆఫ్ కప్స్ మీద స్టీల్ గ్లాసు తడి మరక పడిందని, కొత్త డెక్ కొనిపెట్టమని రోజూ గుర్తు చేస్తోంది.