ట్యాంకర్ దారులు, ఊరి హద్దులు: డగ్లస్-ప్యూకర్‌తో నా ఆరేళ్ల అనుభవం

తిరుపతిలో ఊరి మ్యాపులు, నీళ్ల ట్యాంకర్ల జీపీఎస్ దారులు తయారు చేయడం నా పని. గీతలో పాయింట్లు తగ్గించడానికి ఆరేళ్లుగా వాడుతున్నది డగ్లస్-ప్యూకర్ పద్ధతి. 1972లో రేమర్, 1973లో డగ్లస్, ప్యూకర్ విడిగా ప్రచురించారు.

పని చేసే తీరు తేలిక. గీత మొదటి పాయింటునీ చివరి పాయింటునీ నేరుగా కలపాలి. ఆ నేరు గీతకు అన్నిటికన్నా దూరంగా ఉన్న పాయింటు ఏదో చూడాలి. ఆ దూరం మనం ఇచ్చిన టాలరెన్స్ కన్నా, అంటే ఎంత తేడా పరవాలేదనుకున్నామో దానికన్నా ఎక్కువైతే పాయింటును ఉంచి, గీతను అక్కడ రెండుగా విడగొట్టి, ఒక్కో ముక్కకూ మళ్లీ ఇదే చేయాలి. తక్కువైతే మధ్యలోవన్నీ తీసేయొచ్చు.

తిరుమల ఘాట్ రోడ్డు దిగుతూ సెకనుకో పాయింటు చొప్పున రికార్డు చేసిన దారిలో సుమారు 2,400 పాయింట్లు వచ్చాయి. 10 మీటర్ల టాలరెన్స్‌తో 150 దాకా మిగిలాయి, ఫోన్ తెరమీద తేడా కనబడలేదు. 30 మీటర్లు పెడితే గుండ్రటి మలుపులు మొనదేలాయి. ఈ పద్ధతి కొత్త పాయింటు పుట్టించదు, సగటు తీయదు, ఉన్నవాటిలోంచి ఏరుకుంటుంది అంతే. అందుకే ఒక చిక్కు ఉంది. కొండరాయి పక్కన జీపీఎస్ తప్పి 40 మీటర్లు లోయలోకి దూకిన పాయింటు చుట్టుపక్కల వాటికన్నా దూరంగా ఉంటుంది కాబట్టి, దాన్నే కాపాడుతుంది. అలాంటివి తీసేశాకే దీన్ని నడపాలి.

నన్ను బాగా ఏడిపించింది ట్యాంకర్ల దారి. బండి సందులోకి 100 మీటర్లు వెళ్లి, నీళ్లు పోసి, 60 మీటర్లు వెనక్కి వచ్చి ఆగింది. మొదలు (0,0), సందు చివర (100,6), ఆగిన చోటు (40,0). నేను రాసుకున్న స్క్రిప్టు దూరాన్ని రెండు వైపులా అంతులేకుండా సాగే సరళరేఖకు కొలిచింది. ఆ లెక్కన సందు చివర 6 మీటర్ల దూరంలోనే ఉంది, టాలరెన్స్ 10, కాబట్టి పోయింది. ట్యాంకర్ నీళ్లు పోసిన చోటే మ్యాపులో లేదు! కొలవాల్సింది (0,0) నుంచి (40,0) దాకా ఉన్న ముక్కకు. అప్పుడు దూరం 60.3 మీటర్లు, పాయింటు నిలుస్తుంది. ఎవరి కోడు వాడినా ముందు ఈ మూడు పాయింట్లు ఇచ్చి చూడండి.

ఇక అసలు ఇబ్బంది ఊరి హద్దుల్లో. చంద్రగిరి వైపు రెండు పక్క ఊర్లకు ఒక వంకే హద్దు. ఒక్కో ఊరి పాలిగాన్‌నీ విడిగా 10 మీటర్లతో తగ్గించాను. మరునాడే ఫోను: "సార్, మా చెరువు తూము పక్కూరోళ్లకి ఇచ్చేసినారే?"

దగ్గరగా చూస్తే వంక పొడవునా సన్నటి ఖాళీలు, ఒకదాని మీద ఒకటి పడ్డ ముక్కలు. కారణం ఇది. ఒక ఊరి రింగు, అంటే ఊరి చుట్టూ తిరిగి మొదలుకే వచ్చే హద్దు గీత, వంక మధ్యలో మొదలైంది, రెండో ఊరిది రోడ్డు పక్కన. మొదట కలిపే నేరు గీతలే వేరు, కాబట్టి అదే వంకలో ఒక్కో ఊరికి వేరే పాయింట్లు మిగిలాయి. రెండూ అసలు హద్దుకు 10 మీటర్ల లోపే ఉన్నా, ఒకటి అటు, ఒకటి ఇటు జరిగితే మధ్య ఎడం 20 మీటర్ల దాకా వస్తుంది. మ్యాపుల డేటాబేసు పోస్ట్‌జీఐఎస్‌లో ST_SimplifyPreserveTopology పేరు చూసి ఇది సర్దుతుందనుకున్నాను. అది ఒక్కో పాలిగాన్ తనను తాను కోసుకోకుండా చూస్తుంది, పక్కవాడి సంగతి పట్టించుకోదు.

ముక్కలు ఒకదానిమీద ఒకటి పడ్డాయేమో తెలుసుకోవడానికి ఇది నడుపుతాను, uru అనేది ఊర్ల పట్టిక, g అందులో ఊరి పాలిగాన్:

```
select st_area(st_union(g)), sum(st_area(g)) from uru;
```

రెండో అంకె పెద్దదైతే ముక్కలు ఒకదానిమీద ఒకటి పడ్డట్టు. ఖాళీలు ఇందులో దొరకవు, కలిపిన బొమ్మలో కొత్త రంధ్రాల కోసం విడిగా చూడాలి.

ఇప్పుడు హద్దును గీతలుగా మార్చి, మూడు ఊర్లు కలిసే ప్రతి చోటా కోసి, ఒక్కో ముక్కను ఒక్కసారే తగ్గించి, పాలిగాన్లు మళ్లీ కడుతున్నాను. ముక్క కొసలు ఎప్పుడూ కదలవు కాబట్టి ఊర్లు కలిసే చోట్లు అలాగే ఉంటాయి. పోస్ట్‌జీఐఎస్ 3.4 నుంచి ST_CoverageSimplify ఈ పని నేరుగా చేస్తుంది, కాకపోతే దాని లోపలి పద్ధతి వేరు, విశ్వలింగం-వ్యాట్‌ది, కాబట్టి పాత టాలరెన్స్ అంకె అలాగే పెట్టకూడదు. కోసి కట్టినా తూము లాంటి చోట్లను ఒకసారి చూసుకోవాల్సిందే. హద్దుకు 10 మీటర్ల లోపున్న పాయింటు వైపు మారొచ్చు. అందుకని తూములు, బోర్లు తగ్గించకముందు ఏ ఊరివో రాసిపెట్టుకుని, తర్వాత సరిపోలుస్తున్నాను. మారినచోట ఆ ముక్కకు మాత్రం టాలరెన్స్ 2 మీటర్లకు దించుతాను.