సర్వేలా, మైక్రోటాస్కులా: గంటకు నిజంగా చేతికొచ్చేది ఎంత?

ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో నాలుగు రూపాయలు సంపాదించుకుందామనుకునేవాళ్లకు ముఖ్యంగా మూడు దారులున్నాయి: పాయింట్లిచ్చే సర్వే సైట్లు, చిన్నచిన్న పనులకు డబ్బిచ్చే, అమెజాన్ మెకానికల్ టర్క్ లాంటి మైక్రోటాస్క్ సైట్లు, పరిశోధకుల అధ్యయనాల్లో పాల్గొంటే డబ్బిచ్చే ప్రొలిఫిక్ లాంటి సైట్లు. ఏది మేలో తేల్చడానికి సైటులో కనిపించే రేటు పనికిరాదు. చేతికొచ్చిన డబ్బును పెట్టిన మొత్తం సమయంతో భాగించాలి. మధ్యలో తోసేసిన సర్వేలకు, పని వెతకడానికి పోయిన నిమిషాలను కూడా అందులో కలపాలి.

ముందు సర్వే సైటు లెక్క చూద్దాం. వంద పాయింట్లకు ఒక డాలరు ఇచ్చే సైటులో "20 నిమిషాలు, 80 పాయింట్లు" అని ఉందనుకోండి. ఆ లెక్కన గంటకు 2.40 డాలర్లు రావాలి. కానీ మొదటి సర్వే 2 నిమిషాలకు, రెండోది 6 నిమిషాలకు, మూడోది 11 నిమిషాలకు "మీరు అర్హులు కారు" అని బయటికి పంపేస్తాయి. నాలుగోది పూర్తవుతుంది, అదీ 24 నిమిషాలకు. ఓదార్పుగా ఇచ్చే రెండేసి పాయింట్లు కలిపినా 43 నిమిషాలకు 86 సెంట్లు. అంటే గంటకు 1.20 డాలర్లు, డాలరు 85 రూపాయలనుకుంటే 102 రూపాయలు. చూపిన రేటులో సరిగ్గా సగం.

బయటికి పంపడానికి కారణం ఎక్కువసార్లు కోటాయే. కంపెనీకి కావలసింది, ఉదాహరణకు, కారున్న 25–34 ఏళ్ల మహిళలు 200 మంది. ఆ సంఖ్య నిండగానే తలుపు మూసేస్తారు. వయసు, ఊరు, ఆదాయం మొదటి రెండు నిమిషాల్లో అడిగి తేల్చేసే సైటు పర్వాలేదు. పది నిమిషాలు అభిప్రాయాలన్నీ రాబట్టుకున్నాక అర్హత లేదనే సైటును మాత్రం వదిలేయడమే మంచిది. సర్వే దొరకాలని వయసో ఉద్యోగమో మార్చి చెప్పకండి. పాత జవాబులతో పోల్చి చూస్తారు, డబ్బు తీసుకునే రోజున ఖాతా ఆపేస్తారు.

మైక్రోటాస్కుల్లో ఈ తోసివేత తక్కువ. రశీదు ఫొటో చూసి వివరాలు టైప్ చేయడం, బొమ్మలో ఏముందో గుర్తించడం లాంటి పనులకు ధర ముందే కనిపిస్తుంది. అలాగని ఆదాయం గొప్పగా ఏమీ ఉండదు. మెకానికల్ టర్క్‌పై 2018లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం మధ్యస్థ సంపాదన గంటకు దాదాపు 2 డాలర్లని తేల్చింది. పని వెతుక్కునే సమయమే ఎక్కువగా దెబ్బతీస్తుంది.

ఇక్కడ అసలు ప్రమాదం రిజెక్షన్. పని పెట్టేవాళ్లలో చాలామంది, చేసిన పనుల్లో 95 శాతం పైన ఆమోదం పొందినవాళ్లకే పని ఇస్తారు. కొత్తవాళ్లు వంద పనులు చేసి అందులో పది తిరస్కరణకు గురైతే ఆమోదం 90 శాతానికి పడుతుంది. మళ్లీ 95కి రావాలంటే ఒక్కటీ పోకుండా ఇంకో వంద చేయాలి. అందుకే ఒకే మనిషి పెట్టిన పనులు మొదట ఐదే చేసి, ఆమోదం వచ్చాకే మిగతావి ముట్టుకోవాలి. ఇండియా నుంచి దరఖాస్తు చేసిన అందరికీ మెకానికల్ టర్క్‌లో ఖాతా దొరకదని కూడా గుర్తుంచుకోండి.

మూడింటిలో మెరుగైంది ప్రొలిఫికే. పరిశోధకులు గంటకు కనీసం 8 డాలర్ల లెక్కన ఇవ్వాలన్నది అక్కడి నియమం. అర్హత ఉన్న అధ్యయనాలే మీకు కనిపిస్తాయి. అయితే రోజంతా పని ఉండదు, పైగా ప్రధానంగా అమెరికా, యూకే వంటివున్న ఓఈసీడీ అనే కూటమి దేశాల్లో ఉండేవాళ్లనే తీసుకుంటారు. హైదరాబాద్‌లో కూర్చుని వీపీఎన్‌తో చేరితే దొరికిపోతారు, చేసిన పని వృథా అవుతుంది. అమెరికాలో ఎఫ్-1 వీసాపై చదువుతున్న మన పిల్లలు ముందు కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడగాలి. డబ్బు తక్కువే అయినా అనుమతి లేని పనిగా లెక్కకు రావచ్చు.

కాబట్టి విదేశంలో ఉండి, వీసా అనుమతిస్తే, ప్రొలిఫిక్. ఇక్కడుంటే ఖాతా దొరికిన మైక్రోటాస్క్ సైటు, ఆ తర్వాతే సర్వేలు. గూగుల్ ఒపీనియన్ రివార్డ్స్ ప్రశ్నలు నిమిషంలోపే అయిపోతాయి, కానీ ఆండ్రాయిడ్‌లో వచ్చేది ప్లే స్టోర్ బ్యాలెన్స్, బ్యాంకులో పడదు.

ఏ సైటులోనైనా చేరేముందు కనీస విత్‌డ్రా ఎంతో, పాయింట్లకు గడువుందో లేదో చూడండి. 5 డాలర్లకే ఇచ్చే సైటును మొదటి విత్‌డ్రాతోనే పరీక్షించవచ్చు. 30 డాలర్లు దాటాలంటే, గంటకు 1.20 చొప్పున 25 గంటలు గుడ్డిగా నమ్మాలి. పేపాల్‌కు పాన్ కావాలి, రూపాయల్లోకి మార్చేటప్పుడు కొంత కోత పడుతుంది.

రిజిస్ట్రేషన్ ఫీజు అడిగే "ఫారం ఫిల్లింగ్" పనులు పై మూడింటిలో దేనికీ చెందవు. తప్పులున్నాయంటూ పని తిరస్కరించి, తర్వాత లాయర్ నోటీసు పేరుతో జరిమానా అడుగుతారు. టెలిగ్రామ్‌లో వీడియో లైకులకు మొదట నూటయాభై పంపి, ఆపై "ప్రీపెయిడ్ టాస్క్" అంటూ మీచేతే డబ్బు కట్టించేది కూడా మోసమే. కట్టేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ.