అనంత లబ్ధం: నేరుగా గుణించాలా, లాగ్ తీసి కూడాలా?

n = 2 నుంచి (1 − 1/n²) కారకాలన్నిటినీ గుణించాలనుకోండి. ఇక్కడ లాగ్ జోలికి పోనక్కర్లేదు. ప్రతి కారకాన్నీ (n−1)(n+1)/n² అని విడగొడితే పక్కపక్కవి కొట్టుకుపోయి, N వరకు లబ్ధం (N+1)/(2N) మిగులుతుంది. అంటే అవధి 1/2. లాగ్ పద్ధతిలో అయితే అభిసరిస్తుందని తెలుస్తుంది కానీ ఈ 1/2 అంత సులువుగా చేతికి రాదు.

ఇలా కొట్టుకుపోవడం అరుదు. మళ్లీ n = 2 నుంచే (1 + (−1)ⁿ/√n) తీసుకోండి. మొదటి జత 1.707 × 0.423, సుమారు 0.72. తర్వాతి జత 1.5 × 0.553, సుమారు 0.83. లబ్ధం తగ్గుతోంది, కానీ ఎక్కడ ఆగుతుందో గుణిస్తూ పోతే తేలదు.

లాగ్ తీస్తే గుణకారం కూడికవుతుంది. చాలామంది log(1+x) బదులు x వేసేసి, Σ(−1)ⁿ/√n అభిసరిస్తుంది కాబట్టి లబ్ధమూ అభిసరిస్తుందంటారు. నేనూ ఒకప్పుడు అలాగే బోల్తాపడ్డాను. నిజానికి log(1+x) = x − x²/2 + x³/3 − … ఇందులో x² అంటే 1/n, దాని మొత్తానికి అంతు లేదు. మూడో ఘాతం నుంచి మిగిలినవన్నీ కలిపినా పరిమితమే. కాబట్టి లాగ్‌ల మొత్తం −(1/2) log N లాగా −∞ వైపు జారుతుంది, లబ్ధం 1/√N వేగంతో సున్నాకు పోతుంది. కారకాల్లో సున్నా లేకపోయినా అవధి సున్నా అయితే, దాన్ని అపసరణ కిందే లెక్కేస్తారు. కారకాలను 1 + aₙ అని రాసినప్పుడు Σ|aₙ| అభిసరిస్తే మాత్రం ఈ చిక్కే ఉండదు.