పల్ప్ ఫ్యాక్టరీకి ధర కట్టాలంటే పీఈ మేలా, ఈవీ-ఎబిటా మేలా?

మామిడి సీజన్ ముగిసి లెక్కలు తేలే రోజుల్లో చిత్తూరు చుట్టుపక్కల ఏదో ఒక పల్ప్ ఫ్యాక్టరీ అమ్మకానికి వచ్చిందన్న మాట వినబడుతూనే ఉంటుంది. కొనాలనుకునేవాళ్ళు, వాటా తీసుకోవాలనుకునేవాళ్ళు నన్ను అడిగేది దాదాపు ఒకటే. "లిస్టెడ్ కంపెనీలు ఇంత పీఈలో ఉన్నాయి, దీన్ని అంతకంటే తక్కువకే ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?" అని. ఈమధ్య కొందరు ఈవీ-ఎబిటా కూడా చెబుతున్నారు. పీఈ అంటే వాటాల ధర నికర లాభానికి ఎన్ని రెట్లన్నది. ఈవీ-ఎబిటా అంటే వాటాల ధరకి అప్పు కలిపితే వచ్చే ఎంటర్‌ప్రైజ్ విలువ, వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభానికి ఎన్ని రెట్లన్నది. రెండూ రెండు రకాలుగా చెప్పినప్పుడు దేన్ని నమ్మాలన్నదే వాళ్ళ సందేహం.

పల్ప్ వ్యాపారానికి నా ఓటు ఈవీ-ఎబిటాకే. కానీ అందులో అప్పు ఏ తేదీదో చూడకపోతే అది పీఈ కంటే ఎక్కువ మోసం చేస్తుంది.

లెక్క సులువుగా ఉండేలా అంకెలు సర్ది రెండు యూనిట్లు తీసుకుంటాను. రెండింటికీ ఎబిటా ఏడాదికి 6 కోట్లు, తరుగుదల 1.2 కోట్లు. మొదటి యూనిట్ జాబ్ వర్క్ చేస్తుంది. కాయ కొనేది, గుజ్జు తీసుకెళ్ళేది ఎగుమతిదారులే, యూనిట్‌కి వచ్చేది ప్రాసెసింగ్ కూలి. అందుకే దానికి అప్పు లేదు. రెండోది సొంతంగా తోతాపురి కొని, గుజ్జు తీసి, డ్రమ్ముల్లో నిల్వ పెట్టి, ఏడాది పొడవునా అమ్ముకుంటుంది. దానికి టర్మ్ లోన్ ఉంది, సరుకు మీద అవసరమైనప్పుడల్లా బ్యాంకు నుంచి వాడుకునే క్యాష్ క్రెడిట్ ఉంది. ఏడాదికి కట్టే వడ్డీ 1.8 కోట్లు.

పన్ను 25.17 శాతం తీసేస్తే మొదటిదానికి నికర లాభం సుమారు 3.59 కోట్లు, రెండోదానికి 2.25 కోట్లు. మొదటి యూనిట్ వాళ్ళు వాటాలన్నిటికీ 32 కోట్లు అడుగుతున్నారు, రెండోవాళ్ళు 16 కోట్లు. పీఈ చూస్తే మొదటిది 8.9, రెండోది 7.1. రెండోదే చవక అనిపిస్తుంది.

ఇప్పుడు అప్పు కలపండి. వడ్డీ పది శాతం చొప్పున రెండోదాని అప్పు 18 కోట్లు అనుకుంటే, దాని ఎంటర్‌ప్రైజ్ విలువ 16 కాదు, 34 కోట్లు. ఎబిటాకి 5.67 రెట్లు. మొదటిది 32 కోట్లకి 5.33 రెట్లే. ఫ్యాక్టరీని ఫ్యాక్టరీగా చూస్తే రెండోదే ఖరీదు.

రెండు కొలతలూ ఇలా ఎదురెదురుగా నిలబడటానికి కారణం ఒకటే. పీఈ యజమాని చేతికి మిగిలింది చూస్తుంది, ఆ మిగులు వెనక ఎంత రిస్కు ఉందో చూడదు. అప్పు మీద నడిచే యూనిట్‌కి పీఈ సాధారణంగా తక్కువే ఉంటుంది, ఉండాలి కూడా. ఎబిటా 6 నుంచి 4.5 కోట్లకి పడిపోయిందనుకోండి. అప్పు లేని యూనిట్ లాభం 3.59 నుంచి 2.47 కోట్లకి తగ్గుతుంది, అంటే మూడో వంతుకి కాస్త తక్కువ పోతుంది. అప్పున్న యూనిట్ లాభం 2.25 నుంచి 1.12 కోట్లకి వస్తుంది, సగం పోయినట్టే. నిన్న 7.1 ఉన్న పీఈ అదే ధరకి 14 దాటుతుంది. ఎవరూ ఫ్యాక్టరీని తాకలేదు, ఒక సీజన్ మాత్రమే మారింది. జాబ్ వర్క్ యూనిట్‌కి గుజ్జు ధర పడిపోయినా ఆ దెబ్బ నేరుగా తగలదు కాబట్టి అసలు తేడా ఇంకా పెద్దది.

ఇక అసలు విషయం. రెండో యూనిట్ అప్పు 18 కోట్లని నేను వడ్డీ నుంచి లెక్కగట్టాను, బ్యాలెన్స్ షీట్ నుంచి తీయలేదు. మార్చి 31 నాటి బ్యాలెన్స్ షీట్ తీస్తే అందులో టర్మ్ లోన్ 8 కోట్లు, క్యాష్ క్రెడిట్ 2 కోట్లు, మొత్తం 10 కోట్లే కనిపిస్తుంది. ఆ అంకె అబద్ధం కాదు. తోతాపురి కోతలు జూన్, జూలైల్లో ఉధృతంగా ఉంటాయి. దామలచెరువు, బంగారుపాళ్యం నుంచి లారీలు వరుస కట్టే ఆ కొద్ది వారాల్లోనే ఏడాదికి సరిపడా కాయ కొనాలి. క్యాష్ క్రెడిట్ ఆగస్టుకి శిఖరానికి చేరి, డ్రమ్ములు ఒక్కొక్కటే కదిలేకొద్దీ తగ్గుతూ, మార్చి ఆఖరుకి బాగా కిందికి వస్తుంది. ఆర్థిక సంవత్సరం ముగిసే రోజు, ఈ వ్యాపారంలో అప్పు బాగా తక్కువగా ఉండే రోజుల్లోనే వస్తుంది.

ఆ 10 కోట్లు నమ్మి లెక్క వేస్తే ఎంటర్‌ప్రైజ్ విలువ 26 కోట్లు, ఎబిటాకి 4.33 రెట్లు. ఒక్కసారిగా మొదటిదానికంటే చాలా చవకైపోయింది! తేడా 8 కోట్లు, అంటే అడుగుతున్న ధరలో సగం. మార్చిలో కొన్నవాళ్ళు జూన్‌లో కాయ కొనడానికి మళ్ళీ ఆ డబ్బు తెచ్చి పెట్టాల్సిందే కాబట్టి ఆ భారం చివరికి కొన్నవాళ్ళ మీదే పడుతుంది.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. లాభనష్టాల ఖాతాలో వడ్డీ ఖర్చు తీసుకుని, బ్యాంకు వేస్తున్న వడ్డీ రేటుతో భాగించండి. 1.8 కోట్లని పది శాతంతో భాగిస్తే 18 కోట్లు. అది ఏడాదంతా సగటున మోసిన అప్పు. బ్యాలెన్స్ షీట్‌లో ఉన్న అప్పు దానికంటే చాలా తక్కువగా ఉంటే మార్చి 31 మీకు పూర్తి కథ చెప్పడం లేదు. ఆ తర్వాత క్యాష్ క్రెడిట్ కోసం బ్యాంకుకి నెలనెలా ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్లు పన్నెండూ అడగండి. ఏ నెలలో ఎంత గుజ్జు నిల్వ ఉంది, ఎంత అప్పు వాడుకున్నారు అన్నది అక్కడ దాగదు. డైరెక్టర్లు వడ్డీ లేకుండా పెట్టిన అన్‌సెక్యూర్డ్ లోన్లు ఉంటే వాటినీ అప్పులోనే కలపాలి. వడ్డీ లేదు కాబట్టి అవి పై భాగహారంలో పడవు, పీఈని మాత్రం అందంగా చూపిస్తాయి.

పాత సరుకు గోడౌన్‌లోనే ఉండిపోయిన ఏడాదైతే ఇది ఇంకా ముఖ్యం. 2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయి, ప్రభుత్వం కిలోకి 12 రూపాయలు ఖరారు చేసి, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇచ్చేలా చూడాల్సి వచ్చింది. ముందు ఏడాది గుజ్జు అమ్ముడుపోక మిగిలి ఉండటం ఆ పరిస్థితికి ఒక పెద్ద కారణం. అలాంటి ఏడాది నిల్వ విలువ ఎంతకి రాసుకున్నారన్నదాన్ని బట్టే ఎబిటా మారిపోతుంది. అందుకే ఒక్క ఏడాది ఎబిటా మీద ఏ రెట్టూ వేయను. ఒక మంచి సీజన్, ఒక చెడ్డ సీజన్ కలిసేలా కనీసం మూడేళ్ళ సగటు తీసుకుంటాను.

పోల్చడానికి లిస్టెడ్ కంపెనీలు తీసుకునేటప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. అచ్చంగా మామిడి గుజ్జే చేసే లిస్టెడ్ కంపెనీలు వేళ్ళ మీద లెక్కపెట్టే పాటి కూడా లేవు. చిత్తూరులో ఫ్యాక్టరీ ఉన్న ఫుడ్స్ అండ్ ఇన్స్ లాంటిది దగ్గరి పోలిక. అదీ, మిగతావీ వేరే పండ్లు, కూరగాయలు, మసాలాలు లాంటివి కలిపి నడిపేవే. వెబ్‌సైట్లలో చూపించే రెట్లలో అప్పు చాలాసార్లు మార్చిదే ఉంటుంది. మనకి ఒక వీలుంది. లిస్టెడ్ కంపెనీలు సెప్టెంబరు 30 నాటి ఆస్తి అప్పుల పట్టిక కూడా బయటపెట్టాలి. గుజ్జు కంపెనీకి సెప్టెంబరు అంటే గోడౌన్ నిండుగా ఉండే కాలం. మార్చి, సెప్టెంబరు అప్పుల సగటు వేసి రెట్టు మళ్ళీ లెక్కగడితే పోలిక ఒక దారికి వస్తుంది. ఒకవైపు మార్చి అప్పు, ఇంకోవైపు సగటు అప్పు పెట్టుకుని మాత్రం పోల్చకండి.

ఇంకొక్కటి, అద్దెలు. లిస్టెడ్ కంపెనీలు లీజుల అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 116 ప్రకారం 2019 ఏప్రిల్ నుంచి చాలావరకు లీజు అద్దెని తరుగుదల, వడ్డీగా చూపిస్తున్నాయి, కాబట్టి అది ఎబిటాలోంచి పోదు. మన చిన్న యూనిట్లు పాత ప్రమాణాల మీదే ఉంటాయి, కోల్డ్ స్టోరేజీ అద్దె ఎబిటాకి ముందే ఖర్చైపోతుంది. అద్దె పెద్దదైతే రెండువైపులా ఒకే పద్ధతికి తెచ్చాకే రెట్లు చూడాలి. పీఈకి ఈ బెడద చాలా తక్కువ.

పీఈ నిజంగా గెలిచే చోటు యంత్రాల అరుగుదల. గుజ్జుని చిక్కబరిచే ఇవాపరేటర్, క్రిములు చేరకుండా నింపే అసెప్టిక్ ఫిల్లర్ పాతబడి, రెండు మూడేళ్ళలో మార్చాల్సిన పరిస్థితి ఉంటే ఎబిటా ఆ ఖర్చుని చూడనే చూడదు. ఫ్యాక్టరీకి వెళ్ళినప్పుడు ఆ లైన్ ఎప్పుడు పెట్టారు, గత సీజన్‌లో ఎన్ని గంటలు ఆగింది అని ఆపరేటర్లనే అడగండి. ఆఫీసులో వినే మాటకీ అక్కడ వినే మాటకీ తేడా ఉంటే, ఎబిటాలోంచి ఏటా యంత్రాలకి పెట్టాల్సిన ఖర్చు తీసేసి మళ్ళీ చూడండి. తరుగుదల నిజమైన అరుగుదలకి దగ్గరగా ఉండి, పోల్చే యూనిట్ల అప్పులు కూడా దగ్గరదగ్గరగా ఉంటే పీఈ చాలు. బ్యాంకు షేర్లకైతే ఈవీ-ఎబిటా అసలు పనికిరాదు, అక్కడ అప్పే సరుకు.

పుస్తక విలువ రెట్టు చూస్తే ఫ్యాక్టరీ కింద ఉన్న భూమి పాత ధరకే ఉంటుంది, దాన్ని విడిగా లెక్కగట్టడం మేలు. అమ్మకాల రెట్టు జాబ్ వర్క్‌కీ సొంత సరుకుకీ మధ్య అర్థమే లేనిది, ఎందుకంటే ఒకదాని అమ్మకాల్లో కాయ ధర ఉండదు.

మన రెండు యూనిట్ల దగ్గరికొస్తే, రెండోది మొదటిదాని 5.33 రెట్లకే రావాలంటే ఎంటర్‌ప్రైజ్ విలువ 32 కోట్లు కావాలి. 18 కోట్ల సగటు అప్పు పోతే వాటాలకి మిగిలేది 14 కోట్లు. సరుకు ధర ఎగుడుదిగుళ్ళు మోసేది అదే కాబట్టి అంతకి కూడా నేను ఒప్పుకోను, ఇంకా తగ్గించమంటాను. అమ్మేవాళ్ళు పీఈ 7 కంటే తక్కువకి ఎలా ఇస్తామంటే, స్టాక్ స్టేట్‌మెంట్లు బల్ల మీద పెట్టి ఆగస్టు అప్పు నుంచి మాట మొదలుపెట్టమంటాను.