నాలుగేళ్లు వాడాక: రేసింగ్ వీల్, ఫ్లైట్ స్టిక్

నాలుగేళ్లుగా లాజిటెక్ జీ29 రేసింగ్ వీల్‌ను, మూడేళ్లుగా థ్రస్ట్‌మాస్టర్ టీ.ఫ్లైట్ హోటాస్ 4 ఫ్లైట్ స్టిక్‌ను ప్లేస్టేషన్ మీదా, పీసీ మీదా వాడుతున్నాను. రెండూ కొనదగినవే. అయితే మన దగ్గరున్న కన్సోల్ ఏదో చూసుకున్నాకే వాటి జోలికి వెళ్లాలి.

జీ29నూ, లాజిటెక్‌దే మరో వీల్ అయిన జీ920నూ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండూ 900 డిగ్రీలు తిరుగుతాయి, రెండింటికీ మూడు పెడల్స్ వస్తాయి. కానీ మొదటిది ప్లేస్టేషన్‌కు, రెండోది ఎక్స్‌బాక్స్‌కు. తనకు తగిలించినది లైసెన్సు ఉన్న పరికరమేనా అని కన్సోల్ పరీక్షిస్తుంది, దానికి బదులిచ్చే ఏర్పాటు వీల్ లోపలే ఉంటుంది కనుక ఒకదాన్ని మరొకటిగా మార్చుకోలేము. మా తమ్ముడు ఒక దుకాణదారు మాట నమ్మి ఎక్స్‌బాక్స్ కోసం జీ29 కొన్నాడు. పవర్ ఇవ్వగానే వీల్ అటూ ఇటూ తనంతట తాను తిరిగింది, పనిచేస్తోందని సంబరపడ్డాడు. ఆటలో మాత్రం కారు కదల్లేదు. ఆ తిరగడం వీల్ తన మధ్యస్థానాన్ని సరిచూసుకోవడమే తప్ప కన్సోల్ దాన్ని ఒప్పుకున్నట్టు కాదు. చివరకు ఆ వీల్ మా పీసీకి చేరింది, ఎందుకంటే పీసీకి రెండు రకాలూ పనికొస్తాయి. ఫ్లైట్ స్టిక్‌లోనూ ఇదే లెక్క: హోటాస్ 4 ప్లేస్టేషన్‌కు, హోటాస్ వన్ ఎక్స్‌బాక్స్‌కు, పీసీకి ఏదైనా సరే. హోటాస్ 4కు ఉన్న చిన్న స్విచ్‌ను వాడే యంత్రానికి తగ్గట్టు మార్చి, ఆ తర్వాతే కేబుల్ పెట్టాలి.

ఇక విడిగా కొనవలసినవి. జీ29 పెట్టెలో క్లచ్ పెడల్ ఉంటుంది గానీ గేర్ లివర్ ఉండదు. స్టీరింగ్ వెనకున్న మీటలతో గేర్లు మార్చేవారికి ఆ క్లచ్‌తో పెద్దగా పని పడదు. నేను ఏడాది తర్వాత ఆరు గేర్ల షిఫ్టర్ కొన్నాను, పీసీలో యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 ఆడేవారికి అది నిజంగా అవసరం. అది వీల్ వెనకున్న సాకెట్‌లోకే వెళ్తుంది. పీసీ ఎన్ని యూఎస్‌బీ పరికరాలనైనా విడివిడిగా గుర్తిస్తుంది, కన్సోల్ మీద మాత్రం ఇలాంటివి సాధారణంగా వీల్ ద్వారానే చేరాలి. అందుకే వేరే కంపెనీ షిఫ్టర్‌ను కన్సోల్ కోసం కొనవద్దని చెబుతాను. విమానం ముక్కును పక్కలకు తిప్పే రడ్డర్ కోసం హోటాస్‌కు వేరే పెడల్స్ తొందరలేదు, స్టిక్‌ను మెలితిప్పితే రడ్డర్ పని జరిగిపోతుంది.

స్టాండ్ సంగతి వేరు. పెడల్స్ అడుగున ఉన్న పళ్లు తివాచీని పట్టుకుంటాయి గానీ మన టైల్స్ మీద నిలవవు. గట్టిగా బ్రేక్ నొక్కితే పెడల్స్ ముందుకు జారతాయి, చక్రాల కుర్చీ వెనక్కి పోతుంది. కొన్నాళ్లు పెడల్స్‌ను గోడకు ఆనించి ఆడాను, తర్వాత ఇనుప స్టాండ్ కొన్నాను. షిఫ్టర్ కంటే ముందు దానికే డబ్బు పెట్టవలసింది.

పాత వీల్ కొనేవారు విండోస్‌లో `joy.cpl` తెరిచి, వీల్‌ను ఎంచుకుని ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, ఒక్కో పెడల్‌ను నెమ్మదిగా నొక్కి చూడాలి. తెరపై ఆ పెడల్‌కు చూపే గీత సాఫీగా కదలకుండా ఎగిరెగిరి పడుతుంటే లోపలి సెన్సర్ మురికి పట్టిందనో, అరిగిందనో అనుకుని బేరం మానుకోవచ్చు.